మొదటి అద్దె ఇంటి వంటగది: ఏది ముందు కొనాలి, ఏది కొనక్కర్లేదు

అద్దె ఇల్లు ఖాయం చేసుకోగానే చాలామంది ముందు మిక్సీ కంపెనీల గురించి, ఫ్రిజ్ రంగుల గురించి చూస్తారు. నా ఉద్దేశంలో వంటగదికి సంబంధించి తేల్చుకోవాల్సిన మొదటి విషయం పొయ్యి. గ్యాసా, ఇండక్షనా అన్నది తేలితేగానీ ఎలాంటి కుక్కర్ కొనాలో, ఇంటి నుంచి ఏ గిన్నెలు తెచ్చుకోవాలో, నెలనెలా ఎంత ఖర్చవుతుందో తెలియదు. ఈ ఒక్క నిర్ణయం సరిగ్గా ఉంటే మిగతావి తేలిగ్గా తేలిపోతాయి.

మాట స్పష్టంగా ఉండటానికి ఒక ఇంటిని అనుకుందాం. హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఒక సింగిల్ బెడ్‌రూం పోర్షన్. ఉండేది ఇద్దరే, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నానికి క్యారేజీ, రాత్రికి అన్నం వండుకుంటారు. అడ్వాన్సు, సామాన్ల రవాణా పోగా వంటగదికి మిగిలింది 15,000 రూపాయలు. కింద చెప్పే ధరలన్నీ మామూలు కంపెనీల సాదా మోడళ్లకు దుకాణాల్లో ఉండే ఉజ్జాయింపు ధరలు. ఊరిని బట్టి, ఆఫర్లను బట్టి కొన్ని వందలు అటూ ఇటూ అవుతాయి.

గ్యాసా, ఇండక్షనా

కొనేటప్పుడు చూస్తే ఇండక్షన్ చాలా చవక. సాదా ఇండక్షన్ స్టవ్ రెండు వేలకు అటూఇటూగా వస్తుంది. గ్యాస్‌కి అలా కాదు. 14.2 కిలోల సిలిండర్‌కు డిపాజిట్ 2,200, రెగ్యులేటర్‌కు 250, ట్యూబుకు ఇంకో రెండు వందలు, మొదటి సిలిండర్‌కు తొమ్మిది వందల పైచిలుకు, రెండు బర్నర్ల స్టీలు స్టవ్‌కు మరో రెండు వేలు. అన్నీ కలిపితే ఆరు వేల దాకా అవుతుంది. ఇందులో డిపాజిట్ సొమ్ము మాత్రం పోయేది కాదు. సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించిన రోజున తిరిగి వస్తుంది. అందుకు కనెక్షన్ ఇచ్చేటప్పుడు చేతికిచ్చే వోచర్ కాగితాన్ని భద్రంగా దాచుకోవాలి.

నెల ఖర్చులో లెక్క మారుతుంది. ఇద్దరి వంటకు ఒక సిలిండర్ రెండు నెలలు వస్తుందనుకుందాం. అంటే నెలకు గ్యాస్ ఖర్చు సుమారు 450. నిండు సిలిండర్‌లో ఉండే వేడిని కరెంటు యూనిట్లలో చెప్తే 180 దాకా ఉంటుంది. స్టవ్ మీద అందులో మూడింట రెండు వంతులే గిన్నెకు చేరుతుంది, మిగతాది గాలిలో కలుస్తుంది. ఇండక్షన్‌లో వృథా తక్కువ కాబట్టి అదే వంటకు దాదాపు 140 యూనిట్లు చాలు. అంటే నెలకు 70 యూనిట్లు.

ఈ 70 యూనిట్లకు ఎంత పడుతుందో మీ మీటరు చెప్పాలి. తెలంగాణలో 2022 నుంచి ఉన్న స్లాబుల ప్రకారం నెలకు 101 నుంచి 200 యూనిట్ల మధ్య వాడేవాళ్లకు మొదటి వంద యూనిట్లు 3.40 చొప్పున, ఆ తర్వాతవి 4.80 చొప్పున పడతాయి. 200 దాటితే మాత్రం మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున, ఆ పైన 300 వరకు 7.70 చొప్పున వేస్తారు. ఇప్పుడు మన ఉప్పల్ ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి నెలకు 120 యూనిట్లు కాలుతున్నాయనుకోండి. ఇండక్షన్ వల్ల అది 190కి చేరుతుంది. పెరిగే బిల్లు 336 రూపాయలు. గ్యాస్ కన్నా చవకే. అదే ఇంట్లో ఎండాకాలం కూలర్, ఫ్రిజ్ వల్ల ముందే 150 యూనిట్లు కాలుతుంటే, ఇండక్షన్‌తో 220 అవుతుంది. అప్పుడు పెరిగేది 594 రూపాయలు. స్టవ్ అదే, వంట అదే, నెల మారేసరికి చవకది కాస్తా ఖరీదైనదైంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలా ఒక్కసారిగా పెరగదు. అక్కడ ఏ స్లాబులో పడిన యూనిట్లకు ఆ స్లాబు ధరే. 126 నుంచి 225 వరకు యూనిట్‌కు 6 రూపాయలు, ఆ పైన 400 వరకు 8.75. విజయవాడలోనో విశాఖలోనో ఇదే ఇంటికి 120 నుంచి 190కి పెరిగితే అదనంగా పడేది 412 రూపాయలు. సర్దుబాటు చార్జీలు కలిస్తే గ్యాస్‌తో సమానమైపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది మీ పోర్షన్‌కు సొంత మీటరు ఉందా, ఓనరు పెట్టిన సబ్ మీటరా అన్నది. సబ్ మీటరు ఉన్న చాలా ఇళ్లలో యూనిట్‌కు ఎనిమిదో తొమ్మిదో పదో అని ఒకే రేటు చెప్తారు. తొమ్మిది రూపాయల చొప్పున 70 యూనిట్లకు 630. అలాంటి ఇంట్లో ఇండక్షన్ మీదే మొత్తం వంట అంటే నెలనెలా నష్టమే. ఇల్లు చూడటానికి వెళ్లిన రోజే అంకుల్‌నో ఆంటీనో అడిగేయండి: "మీటరు మా పోర్షన్‌కి వేరేగా ఉందా అండీ? యూనిట్‌కి ఎంత తీసుకుంటారు?" అద్దె మాట్లాడుకునేటప్పుడే ఈ మాట కూడా తేల్చుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

మీటరు తర్వాత చూడాల్సింది వంటగదిలో ఉన్న ప్లగ్గు. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు తొమ్మిది ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే చిన్న ప్లగ్గు తట్టుకునేది ఆరు ఆంపియర్లే. దీనికి కావాల్సింది లావు పిన్నుల పవర్ ప్లగ్గు, అంటే గీజరుకో ఏసీకో ఉండేలాంటిది. పాత ఇళ్లలో వంటగది గట్టు దగ్గర అది ఉండదు. అప్పుడు చాలామంది కన్వర్టర్ పిన్ను పెట్టో, హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగో వాడేస్తారు. అది ప్రమాదం. పదిహేను నిమిషాలు వాడాక పిన్ను ముట్టుకుంటే వేడిగా ఉన్నా, సాకెట్ చుట్టూ గోధుమ రంగు మరక కనిపించినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. ఓనరు ఒప్పుకుంటే మీటరు బోర్డు నుంచి విడిగా లావు వైరు లాగించి పవర్ ప్లగ్గు పెట్టించవచ్చు. ఆ ఖర్చు కూడా ఇండక్షన్ ధరలో కలిపి చూసుకోవాలి.

గిన్నెల ఖర్చూ ఉంది. కొత్త కాపురానికి అమ్మావాళ్లు సర్ది ఇచ్చే ఇండాలియం గిన్నెలు, అల్యూమినియం తపేలాలు, రాగి అడుగు గిన్నెలు ఇండక్షన్ మీద వేడెక్కవు. అడుగు గుండ్రంగా ఉండే ఇనప మూకుడు కూడా పనిచేయదు. ఫ్రిజ్‌కు అంటించే చిన్న అయస్కాంతాన్ని గిన్నె అడుగున పెట్టి చూడండి. గట్టిగా అంటుకుని, అడుగు బల్లపరుపుగా ఉంటేనే పనికొస్తుంది. ఉన్న గిన్నెల్లో సగం పనికిరాకపోతే కొత్తవాటికి ఇంకో రెండు వేలు పోతాయి. ఏ గిన్నె అయినా పెట్టుకోవచ్చని చెప్పి ఇన్‌ఫ్రారెడ్ స్టవ్‌లు అమ్ముతున్నారు. అవి గాజును ఎర్రగా కాల్చి ఆ వేడిని గిన్నెకు ఇస్తాయి. కరెంటు ఎక్కువ తీసుకుంటాయి, ఆపేశాక కూడా చాలాసేపు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. చిన్న పిల్లలున్న ఇంట్లో నేనైతే వద్దంటాను.

ఇవన్నీ చూశాక నా సలహా ఇది. ఆ ఊళ్లో కనీసం ఏడాది ఉంటామనుకునేవాళ్లు రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్‌ తీసుకోవాలి. మన వంటకు మంట కావాలి. ఒక పక్క కుక్కర్, ఇంకో పక్క తాలింపు ఒకేసారి జరగాలి. వంకాయ కాల్చి పచ్చడి చేయాలన్నా, పుల్కా పొంగించాలన్నా ఇండక్షన్ మీద కుదరదు. కరెంటు పోయినా వంట ఆగదు. ఆరేడు నెలల్లో ఊరు మారే అవకాశం ఉన్నవాళ్లు, ఓనరు సిలిండర్ వద్దన్నవాళ్లు, సొంత మీటరు ఉండి నెలకు 120 యూనిట్ల లోపే కాల్చేవాళ్లు ఇండక్షన్‌తో మొదలుపెట్టవచ్చు. అపార్ట్‌మెంట్‌కు పైపు గ్యాస్ ఉంటే ఇంకా మంచిది. కాకపోతే సిలిండర్ కోసం తయారైన స్టవ్‌ని పైపుకు నేరుగా తగిలించకూడదు. లోపలి జెట్‌లు మార్చాలి. ఆ పని గ్యాస్ కంపెనీ మనిషే చేయాలి.

కనెక్షన్‌కు ఆధార్‌తో పాటు ఇప్పుడున్న చిరునామాకు రుజువుగా అద్దె ఒప్పందం కావాలి. అది చేతికి రావడం ఆలస్యమైతే 5 కిలోల చిన్న సిలిండర్ ఉంది. ఇండియన్ ఆయిల్ దాన్ని ఛోటు అనే పేరుతో అమ్ముతోంది. చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. కిలో లెక్కన పెద్ద సిలిండర్ కన్నా ఖరీదెక్కువ కాబట్టి కనెక్షన్ వచ్చేదాకానే వాడుకోవాలి. సందుల్లో చిన్న దుకాణాల్లో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి గ్యాస్ నింపి కిలో చొప్పున అమ్ముతుంటారు. బ్యాచిలర్ గదుల్లో ఇది మామూలైపోయింది. అది చట్టవిరుద్ధం. ఆ సిలిండర్‌ని ఎవరూ పరీక్షించి ఉండరు, వాల్వు ఎప్పుడు లీకవుతుందో చెప్పలేం. దయచేసి ఆ దారికి వెళ్లకండి.

స్టవ్ కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, ఇత్తడి బర్నర్లు చూసుకోండి. గాజు పలక ఉన్న మూడు బర్నర్లది చూడటానికి బాగుంటుంది గానీ, ఇల్లు మారేటప్పుడు ఆ గాజుకు ఏమవుతుందో ఎవరూ పూచీ ఇవ్వరు. స్టీలుదే తీసుకోండి. ట్యూబు మాత్రం గ్యాస్ ఏజెన్సీ ఇచ్చే సురక్ష ట్యూబే వాడాలి, ఐదేళ్లకోసారి మార్చాలి. సిలిండర్ నేల మీద నిలువుగా ఉండాలి, స్టవ్ దానికన్నా ఎత్తులో గట్టు మీద ఉండాలి.

కుక్కరా, రైస్ కుక్కరా

ఇద్దరే కదా అని అందరూ 3 లీటర్ల ప్రెషర్ కుక్కర్ కొంటారు. నేను 5 లీటర్లదే కొనమంటాను. 3 లీటర్లదానికీ దీనికీ తేడా నాలుగైదు వందలే. కానీ 5 లీటర్లదాంట్లో రెండు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడతాయి. కింది గిన్నెలో నానబెట్టిన కందిపప్పు, టమాటా, పచ్చిమిర్చి, పై గిన్నెలో బియ్యం పెట్టి, అడుగున గ్లాసున్నర నీళ్లు పోస్తే నాలుగైదు విజిళ్లకు పప్పూ అన్నం రెండూ అయిపోతాయి. ఒకే మంట మీద రెండు వంటలు కాబట్టి గ్యాసూ మిగులుతుంది. వెయిట్ తీసేసి అందులోనే ఇడ్లీ స్టాండ్ పెట్టుకోవచ్చు. విడిగా ఇడ్లీ పాత్ర అక్కర్లేదు. ఊరి నుంచి అత్తయ్యావాళ్లు వచ్చినా ఆ కుక్కరే సరిపోతుంది.

అల్యూమినియం కుక్కర్ అయినా సరే, ఇండక్షన్ అడుగు ఉన్నది తీసుకోండి. ఇప్పుడు గ్యాస్ మీద వాడినా రేపు ఎప్పుడైనా ఇండక్షన్ మీద పెట్టాల్సి వస్తే ఉపయోగపడుతుంది. ఇళ్లలో వాడే ప్రెషర్ కుక్కర్లకు 2021 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. అది లేని కుక్కర్ ఎంత తక్కువకు వచ్చినా కొనకండి.

కొన్నాక గమనించాల్సినవి రెండున్నాయి. విజిల్ రాకుండా మూత చుట్టూ ఆవిరి పోతుంటే గాస్కెట్ సాగిపోయినట్టు, కొత్తది వేయాలి. అడుగున నీళ్లు ఇగిరిపోయి కుక్కర్ మాడితే మూత మీదున్న సేఫ్టీ వాల్వు కరిగి ఆవిరి బయటికి తన్నేస్తుంది. అది కుక్కర్ పాడవడం కాదు, పేలకుండా ఆపిన ఏర్పాటు. అదే కంపెనీ వాల్వు కొని బిగించుకోవాలి. ఆ రంధ్రాన్ని వేరే దేనితోనూ మూయకూడదు.

ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ రెండు వేలకు అటూఇటూగా వస్తుంది. స్విచ్ నొక్కి ఆఫీసు పని చూసుకోవచ్చు, మాడదు, అయ్యాక వెచ్చగా ఉంచుతుంది. ఇవన్నీ నిజమే. కానీ అది చేసేది అన్నం ఒక్కటే, పప్పుకు మళ్లీ కుక్కర్ కావాలి. గ్యాస్ ఉన్న ఇంట్లో మొదటి ఏడాది దాని అవసరం లేదు. గ్యాస్ పెట్టుకునే వీలే లేని గదిలో, లేదా నైట్ షిఫ్టు చేసి వచ్చి వంట దగ్గర నిలబడే ఓపిక లేనివాళ్లకు మాత్రం అది చాలా పనికొచ్చే వస్తువు. అలాంటివాళ్లు ప్రెషర్ కుక్కర్ 3 లీటర్లది తీసుకుని, రైస్ కుక్కర్ ఒక లీటరుది తెచ్చుకుంటే సరిపోతుంది.

మిక్సీ ఉంటే గ్రైండర్ ఎందుకు

తెలుగింట్లో మిక్సీ లేకుండా వారం గడవదు. పల్లీ పచ్చడి, అల్లం వెల్లుల్లి ముద్ద, మసాలా పొడి, రోట్లో నూరే ఓపిక లేని రోజు గోంగూర పచ్చడి, అన్నీ దాని మీదే. అందుకని కుక్కర్ తర్వాతి స్థానం మిక్సీకే ఇస్తాను.

500 వాట్లదా, 750 వాట్లదా అన్నది అసలు ప్రశ్న. ఇద్దరికి పచ్చళ్లు, పొడులు, వారానికోసారి పిండి రుబ్బుకోవడానికి 500 వాట్లు సరిపోతుంది. రెండున్నర వేల లోపు మూడు జార్లతో వస్తుంది. ఇంట్లో కారం పట్టుకోవాలనీ, పసుపు కొమ్ములు దంచి పొడి చేసుకోవాలనీ అనుకునేవాళ్లు, లేదా నలుగురైదుగురికి పిండి రుబ్బేవాళ్లు 750 వాట్లదానికి ఇంకో వెయ్యి, పదిహేను వందలు పెట్టవచ్చు.

వెట్ గ్రైండర్ కొనాలా అని చాలామంది అడుగుతారు. రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్ నాలుగు వేల నుంచి మొదలవుతుంది. దాని బరువు, కడగడం, అది ఆక్రమించే గట్టు వేరు. తమిళనాడులో ఇడ్లీకి బియ్యమూ మినప్పప్పూ రెండూ రుబ్బుతారు కాబట్టి అక్కడ గ్రైండర్ అవసరం ఎక్కువ. మన దగ్గర ఇడ్లీకి బియ్యం రుబ్బం, ఇడ్లీ రవ్వ కలుపుతాం. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ. రుబ్బాల్సింది ఆ ఒక్క గ్లాసు పప్పే. దానికి మిక్సీ చాలు.

మిక్సీలో రుబ్బితే ఇడ్లీ గట్టిగా వస్తుందనే ఫిర్యాదు ఉంది. అందుకు పెద్ద కారణం వేడి. బ్లేడు వేగానికి పిండి వేడెక్కి నురగ నిలవదు. నాలుగైదు గంటలు నానిన పప్పును రెండు విడతలుగా వేసి, చల్లని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, అర నిమిషం తిప్పి కాస్త ఆపి మళ్లీ తిప్పండి. పిండి కొంచెం తీసి నీళ్ల గిన్నెలో వేస్తే తేలాలి. మునిగిపోతే ఇంకా రుబ్బాలన్నమాట. రవ్వను విడిగా కడిగి, నీళ్లు గట్టిగా పిండేసి కలిపి రాత్రంతా ఉంచితే పొద్దుటికి పొంగుతుంది. దోసెలకు బియ్యం రుబ్బాలి గానీ, రెండు రోజులకు సరిపడా కొంచెమే కాబట్టి అదీ మిక్సీలో అయిపోతుంది.

ఆపి ఆపి తిప్పడం మిక్సీకీ మంచిదే. చాలా మోడళ్ల కాగితాల్లో ఐదు నిమిషాలు నడిపితే రెండు నిమిషాలు ఆపాలని రాసి ఉంటుంది. పిండి గట్టిగా ఉండి మోటారు మీద భారం పడితే మిక్సీ టక్కున ఆగిపోతుంది. చాలామంది కాలిపోయిందని రిపేరు షాపుకు పట్టుకెళ్తారు. ముందు ప్లగ్గు తీసి, పది నిమిషాలు చల్లారనిచ్చి, మిక్సీని పక్కకు తిప్పి అడుగున చూడండి. అక్కడ ఒక చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కి, జార్‌లో పిండి సగం తగ్గించి మళ్లీ వేస్తే నడుస్తుంది. జార్ తిరగకుండా మోటారు మాత్రమే మోగుతుంటే జార్‌ కింద ఉండే కప్లర్ అరిగిందన్నమాట. అది తక్కువ ధరకే దొరికే భాగం. అందుకే మిక్సీ కొనేటప్పుడు కంపెనీ పేరు కన్నా, ఆ కంపెనీ జార్లు, కప్లర్లు మీ ఏరియా రిపేరు షాపులో దొరుకుతాయో లేదో అడగడం మంచిది.

15,000లో లెక్క

గ్యాస్ కనెక్షన్, మొదటి సిలిండర్, స్టవ్ కలిపి 6,000. గిన్నెలతో సహా 5 లీటర్ల కుక్కర్ 2,000. మిక్సీ 2,500. ఇడ్లీ స్టాండ్, దోసె పెనం, ఇనప మూకుడు, కత్తి, డబ్బాలు, గరిటెలకు 2,000. ఇంటి నుంచి తెచ్చుకున్నవి ఉంటే ఇది ఇంకా తగ్గుతుంది. మొత్తం 12,500. మిగిలిన 2,500 ఖర్చు పెట్టకండి. అది ఫ్రిజ్ కోసం. రెండు మూడు నెలలు జీతంలో నుంచి కొంత కొంత కలుపుకుంటూ పోతే ఫ్రిజ్ అప్పు లేకుండా వస్తుంది.

ఫ్రిజ్ మొదటి నెలలోనే కావాలా అన్నది మీరు ఏ నెలలో ఇల్లు మారారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. నవంబరులో దిగినవాళ్లకు ఫిబ్రవరి దాకా పెద్దగా ఇబ్బంది ఉండదు. పాలు ఏ రోజువి ఆ రోజు తెచ్చుకుని రెండుసార్లు కాచుకోవచ్చు, కూరగాయలు రెండు రోజులకోసారి రైతు బజారు నుంచి తెచ్చుకోవచ్చు. మార్చి దాటితే కుదరదు. పొద్దున వండిన పప్పు సాయంత్రానికి పులుస్తుంది, దోసె పిండి ఒక్క పూటలో పొంగి పోతుంది. ఎండాకాలంలో ఇల్లు మారేవాళ్లు మిక్సీ కన్నా ముందే ఫ్రిజ్ గురించి ఆలోచించాలి.

ఇద్దరికి 180 నుంచి 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ చాలు. కొత్తది 12,000 నుంచి 15,000 మధ్యలో వస్తుంది. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ అంటే ఇరవై వేలు దాటుతుంది. దానివల్ల ప్రధాన లాభం ఐసు గడ్డకట్టకపోవడం. సింగిల్ డోర్‌లో పది పదిహేను రోజులకోసారి డీఫ్రాస్ట్ బటన్ నొక్కితే ఆ పని అయిపోతుంది. స్టార్ స్టిక్కర్ మీద నక్షత్రాల కన్నా కింద రాసి ఉండే ఏడాది యూనిట్ల సంఖ్యను చూడండి. రెండు మోడళ్ల మధ్య ఏడాదికి 40 యూనిట్ల తేడా ఉంటే, యూనిట్ ఐదు రూపాయల చొప్పున ఏడాదికి 200 రూపాయలు. దానికోసం మూడు వేలు ఎక్కువ పెట్టడం అద్దె ఇంట్లో గిట్టుబాటు కాదు.

పాత ఫ్రిజ్ ఐదారు వేలకు దొరుకుతుంది. ఊరు వదిలి వెళ్తున్న కుటుంబం నేరుగా అమ్మితే తీసుకోవచ్చు, ఎందుకంటే అది నడుస్తుండగా చూడవచ్చు. వెనక స్టిక్కర్ మీద తయారైన సంవత్సరం చూడండి. ఏడెనిమిదేళ్లు దాటినదైతే వదిలేయండి. తలుపు మధ్య ఒక నోటు పెట్టి మూసి లాగండి, అడ్డు లేకుండా జారిపోతే రబ్బరు పట్టు పోయింది. చాలా చోట్ల అలా జారితే చల్లదనం నిలవక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఫ్రీజర్‌లో ఐసు ఒక మూలే కట్టి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ తగ్గిందని అనుమానించాలి. ఆఫ్ చేసి పెట్టిన ఫ్రిజ్‌ని చూసి డబ్బు ఇవ్వకండి. గంటసేపు నడిపించి చూడాలి. ఆటోలో పడుకోబెట్టి తెస్తే, ఇంటికి వచ్చాక నాలుగైదు గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయాలి. కంప్రెసర్ ఆయిల్ గొట్టాల్లోకి పాకి ఉంటుంది, అది కిందికి దిగాలి.

నీళ్ల ఫిల్టరు

ఇద్దరికి 20 లీటర్ల క్యాన్ మూడు నాలుగు రోజులు వస్తుంది. నెలకు పది క్యాన్లనుకున్నా, ఒక్కోటి 30 చొప్పున ఏడాదికి 3,600. ఆర్వో మెషీన్ తొమ్మిది పది వేల నుంచి మొదలవుతుంది, ఆపైన ఏడాదికోసారి ఫిల్టర్లకు రెండు మూడు వేలు. గోడకు మేకులు కొట్టడానికి ఓనరు ఒప్పుకోవాలి, ఇల్లు మారిన ప్రతిసారీ ఊడదీసి బిగించడానికి మనిషి కావాలి. మొదటి ఏడాది క్యానే నయం. క్యాన్ మూతకు సీలు ఉందో లేదో, డబ్బా లోపల పాచి ఉందో లేదో చూసి తీసుకోండి.

ఇంకో మాట. ఇంటికి వచ్చేది మున్సిపల్ నల్లా నీళ్లే అయితే ఆర్వో అవసరం ఉండకపోవచ్చు. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే తాగడానికి ఫరవాలేదని బీఐఎస్ ప్రమాణం చెప్తోంది. రెండు మూడు వందలకు దొరికే టీడీఎస్ మీటరుతో కొలిచి చూసుకోవచ్చు. ఆ మీటరు క్రిముల సంగతి చెప్పదు కాబట్టి కాచి వడకట్టి తాగాలి. బోరు నీళ్లయితే చాలా ఏరియాల్లో ఆ అంకె వెయ్యి దాకా పోతుంది. అప్పుడు క్యాన్ తప్పదు.

వదిలేయాల్సినవి

మైక్రోవేవ్‌ని చాలా ఇళ్లలో కూర వేడిచేయడానికే వాడతారు. ఐదారు వేలు పెట్టి చేసే ఆ పనిని చిన్న మూకుడు రెండు నిమిషాల్లో చేస్తుంది. ఎయిర్ ఫ్రయర్ విషయంలోనూ నా మాట అదే. నూనె తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే గానీ, మూతపెట్టి సన్నమంట మీద రెండు చెంచాల నూనెతో బెండకాయ వేపుడు చేసుకోవచ్చు. పైగా దానికీ పవర్ ప్లగ్గు కావాలి. కేకులు, బిస్కెట్లు నిజంగా తరచూ చేసేవాళ్లయితే ఓటీజీ తర్వాత కొనుక్కోండి, మొదటి ఏడాదిలో మాత్రం వద్దు. టోస్టర్, శాండ్‌విచ్ మేకర్, రోటీ మేకర్, ఎలక్ట్రిక్ చాపర్, వీటన్నిటి పనీ పెనం, కత్తి చేసేస్తాయి. ఇవి కొనాలనిపించినప్పుడు ఆ పని వారంలో ఎన్నిసార్లు చేస్తారో లెక్క వేసుకోండి, మూడుసార్ల లోపైతే వదిలేయండి.

చిమ్నీ అద్దె ఇంటికి అసలు నప్పదు. గోడకు పెద్ద రంధ్రం చేయాలి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ గోడ బాగు చేయించే ఖర్చు అడ్వాన్సులోంచి పోతుంది. తాలింపు ఘాటు బయటికి పోవడానికి వంటగది కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. పన్నెండు పదిహేను వందల్లో వస్తుంది. కొందరు ఓనర్లు అడిగితే వాళ్లే పెట్టిస్తారు, ఎందుకంటే మసి పట్టేది వాళ్ల గోడలకే. ఇల్లు దిగకముందే అడగండి, దిగాక ఆ మాట అంత తేలిగ్గా చెల్లదు.

ఎలక్ట్రిక్ కెటిల్ ఒక్కదాన్ని వద్దని గట్టిగా చెప్పను. ఏడెనిమిది వందలకు వస్తుంది, పసిపిల్లలున్న ఇంట్లో అర్ధరాత్రి వేడినీళ్లకు, జ్వరం వచ్చినప్పుడు పనికొస్తుంది. కానీ అందులో పాలు కాచకండి. అడుగున మాడి అంటుకుంటుంది, పొంగి స్విచ్ మీద పడితే కెటిల్ పాడవుతుంది. అందులో నూడుల్స్ ఉడికించే అలవాటు హాస్టళ్లలో ఎక్కువ, దానివల్లే చాలా కెటిళ్లు ఆరు నెలలు కూడా రావు.